బొటనవేలి తాడు

పసిబిడ్డను ఏడ్వనిచ్చి నిద్ర నేర్పాలా, గదిలోనే ఉండి నేర్పాలా? డల్లాస్‌లో బిడ్డకో గది. పాతబస్తీలో ఇంటిల్లిపాదికీ ఒకటే గది. బిడ్డ మనసు గురించి, తల్లితో ముడి గురించి పరిశోధనలు చెప్పేది ఈ రెండిళ్లకూ పనికొస్తుందా?

రాత్రి రెండు దాటింది. గౌలిపురాలో మా ఇంటి దూలానికి వేలాడుతున్న చీర ఉయ్యాలలో పాప కదిలింది. ఉయ్యాలకు కట్టిన తాడు రెండో కొస నా కాలి బొటనవేలికి ఉంది. కళ్లు తెరవకుండానే కాలు ఆడించాను. ఉయ్యాల ఊగింది, పాప సద్దుమణిగింది. మా అత్తమ్మ నలుగురు పిల్లల్ని ఇలాగే పెంచింది. బాలింత కొంచెం కునుకు తీయడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఎవరూ కనిపెట్టలేదంటుంది.

నాలుగైదు నెలల దాకా నేనూ ఆ మాటే అన్నాను. తొమ్మిదో నెల వచ్చేసరికి లెక్క మారింది. పాప రాత్రికి ఐదారుసార్లు లేస్తోంది. ఆకలి కాదు, పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది. ఉయ్యాల ఊగితేనే మళ్లీ కన్ను మూస్తుంది. తాడు ఒరుసుకుని నా వేలికి నల్లటి గీత పడింది. పగలు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదువుతున్నాను.

అప్పుడే డల్లాస్ నుంచి మా ఆడిబిడ్డ ఫోన్ చేసింది. ఆమె కూతురికి పది నెలలు.

“వదినా, మేం నాలుగు రాత్రులల్ల నేర్పినం. మొదటి రాత్రి నలభై నిమిషాలు ఏడ్చింది. కెమెరాల చూసుకుంట నేను గూడ ఏడ్చిన. ఇప్పుడు ఏడున్నరకు పండుకుంటే మళ్ల తెల్లారి ఆరింటికే.”

స్పీకర్‌లో వింటున్న అత్తమ్మ ఊరుకోలేదు. “పిల్లను అర్రల పడేసి తలుపు పెట్టుకున్నవా? నీకు మనసెట్లొచ్చిందే?”

“అమ్మా, డాక్టరే చెప్పిండు.”

“నేను నిన్ను గట్ల పెంచిన్నా?”

ఫోన్ పెట్టేశాక ఇద్దరి మాటలూ చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. ఏడ్వనిస్తే బిడ్డ మెదడులో విషంలాంటి రసాయనం ఊరుతుందని ఒక వీడియో, ఎత్తుకుంటే చేతులు మరిగి చెడిపోతుందని ఇంకో వీడియో అదే వారంలో నా ఫోన్‌లోకి వచ్చాయి. రాయడం, చదవడమే నా పని కాబట్టి, ఆ వీడియోలు ఏ పరిశోధనల పేరు చెబుతున్నాయో వాటినే తెరిచి చదివాను.

తలుపు మూసే పద్ధతి ఎక్కడిది?

బిడ్డను ఏడ్వనిచ్చే సలహా అచ్చయిన తొలినాటి పుస్తకాల్లో ఒకటి అమెరికాది. న్యూయార్క్ పిల్లల వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ 1894లో తల్లుల కోసం, దాదుల కోసం ప్రశ్నోత్తరాల రూపంలో ఒక చిన్న పుస్తకం వేశాడు. అలవాటుగా ఏడ్చే బిడ్డను ఏడుపు తీరేదాకా వదిలేయమని అందులో చెప్పాడు. 1928లో మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ ఇంకో మెట్టెక్కి, పిల్లల్ని ముద్దులాడొద్దని, పొద్దున లేవగానే చేయి కలిపితే చాలని రాశాడు. వీరిద్దరి సలహాల వెనుకా బిడ్డల మీద చేసిన కొలతలు లేవు. కాలం నమ్మిన క్రమశిక్షణ ఉంది, అంతే.

ఇవాళ మా ఆడిబిడ్డ లాంటివాళ్లు పాటించేది 1985లో బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ రాసిన పద్ధతి. అది పూర్తిగా వదిలేయడం కాదు. బిడ్డ మెలకువగా ఉండగానే పడుకోబెట్టి బయటికి వస్తారు. ఏడిస్తే మూడు నిమిషాలకు వెళ్లి, ఎత్తుకోకుండా మాటతో ఓదార్చి వచ్చేస్తారు. తర్వాత ఐదు నిమిషాలకు, ఆ తర్వాత పది నిమిషాలకు వెళ్తారు. మర్నాటి నుంచి ఆ గడువులు కొంచెం కొంచెం పెరుగుతాయి.

ఈ పద్ధతికి వేరే గది కావాలి, మూసుకునే తలుపు కావాలి, ఏడుపు వినపడని పొరుగు కావాలి. మా ఇంట్లో మూడూ లేవు. మా గోడా పక్కింటి ఖాలా గోడా ఒకటే. పాప రెండు నిమిషాలు ఏడిస్తే మూడో నిమిషంలో అటునుంచి పిలుపు వస్తుంది. “కైకు రోరీ బచ్చీ?” ఇది ఒక్క పాతబస్తీ సంగతి కాదు. 17 దేశాల్లో, ప్రాంతాల్లో మూడేళ్లలోపు పిల్లల నిద్రను పోల్చిన పెద్ద సర్వే 2010లో వచ్చింది. అందులో భారతదేశమూ ఉంది. ఆసియా దేశాల్లో ఎక్కువమంది పిల్లలు తల్లిదండ్రుల గదిలోనే పడుకుంటున్నారని, ఆలస్యంగా పడుకుంటున్నారని తేలింది. సగటున న్యూజిలాండ్ పిల్లలు రాత్రి 7:28కి పడుకుంటే హాంకాంగ్ పిల్లలు 10:17కి. పిల్లల నిద్ర గురించి బెంగ పడింది కూడా మన వైపు తల్లిదండ్రులే ఎక్కువ. అంటే అమ్మ గదిలోనే ఉన్నంతమాత్రాన నిద్ర దానంతటదే కుదరదు.

ఉమ్మిలో కొలిచిన ఒత్తిడి

ఏడ్వనిస్తే మెదడు పాడవుతుందనే వీడియోలన్నీ చివరికి ఒక పరిశోధన దగ్గరికే చేరతాయి. అమెరికా పరిశోధకురాలు వెండీ మిడిల్‌మిస్ బృందం న్యూజిలాండ్‌లోని ఒక ఆస్పత్రి నిద్ర శిబిరంలో చేసి, 2012లో ప్రచురించింది. నాలుగు నుంచి పది నెలల బిడ్డలు 25 మంది తల్లులతో ఐదు రోజులు అక్కడ ఉన్నారు. రాత్రి నర్సులే బిడ్డల్ని పడుకోబెట్టేవారు. ఏడ్చినా ఎత్తుకునేవారు కాదు. తల్లులు పక్క గదిలో ఉండి ఏడుపు వినేవారు.

ఒత్తిడి కలిగినప్పుడు మూత్రపిండాల మీది గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ వస్తుంది. రక్తం తీయక్కర్లేకుండా దూదిపుల్లతో ఉమ్మి తీసి దాన్ని కొలవచ్చు. మొదటి రాత్రి బిడ్డలూ ఏడ్చారు, తల్లులూ నలిగారు. ఇద్దరి కార్టిసాల్ జత కుదిరింది. మూడో రాత్రి బిడ్డలు ఏడ్వకుండా పడుకున్నారు. తల్లులకు కార్టిసాల్ తగ్గింది, బిడ్డలకు తగ్గలేదు. “పైకి నిశ్శబ్దం, లోపల తుఫాను” అన్న ప్రచారానికి పునాది ఇదే.

ఇప్పుడు దీని లోటుపాట్లు చూద్దాం. పోల్చడానికి రెండో గుంపు లేదు. అదే ఆస్పత్రిలో తల్లి పక్కనే పడుకున్న బిడ్డలకు కార్టిసాల్ ఎంతుండేదో ఎవరూ కొలవలేదు. ఈ బిడ్డలకే తమ ఇళ్లలో, తమ పక్కల మీద ఎంతుండేదో కూడా కొలవలేదు. కొత్త చోటు, కొత్త నర్సు, కొత్త మంచం వల్ల వచ్చిన ఒత్తిడెంతో, ఏడ్వనిచ్చినందుకు వచ్చిందెంతో విడదీసే దారి లేదు. పైగా మూడో రాత్రి బిడ్డల కార్టిసాల్ పెరగలేదు, ఉన్నచోటే ఉంది. ఈ పరిశోధన ఒక మంచి ప్రశ్న వేసింది. వీడియోలు దాన్నే జవాబుగా అమ్ముతున్నాయి.

ఆ ప్రశ్నను మళ్లీ పట్టుకున్నది ఆస్ట్రేలియా. అడిలైడ్‌లో మైఖేల్ గ్రాడిసార్ బృందం 43 మంది బిడ్డల్ని చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు ఫెర్బర్ లాంటి పద్ధతి. ఇంకో గుంపుకు పడుకునే వేళను ఆలస్యం చేసి, బిడ్డకు బాగా నిద్ర వచ్చినప్పుడే పక్క ఎక్కించే పద్ధతి. మూడో గుంపుకు నిద్ర గురించి సమాచారం మాత్రమే. 2016లో ఫలితాలొచ్చాయి. మొదటి రెండు గుంపుల్లో బిడ్డలు త్వరగా నిద్రపోయారు, కార్టిసాల్ పెరగకపోగా కొంచెం తగ్గింది. ఏడాది తర్వాత తల్లీబిడ్డల అనుబంధం పరీక్షిస్తే మూడు గుంపులకూ తేడా కనిపించలేదు.

దీన్ని కూడా చెవిలో పువ్వు పెట్టుకుని నమ్మక్కర్లేదు. 43 మందిని మూడు భాగాలు చేస్తే ఒక్కో గుంపుకు పద్నాలుగు పదిహేను మందే. పెద్ద హాని ఉంటే కనిపించేది. చిన్న తేడా ఉంటే ఇంత తక్కువమందిలో పట్టుబడదు.

ఇంతకన్నా పెద్దది మెల్‌బోర్న్‌లో జరిగింది. ఏడు నెలల వయసులో నిద్ర సమస్య ఉన్న 326 మంది బిడ్డల కుటుంబాలు. సగం మందికి నర్సులు నిద్ర పద్ధతులు నేర్పారు. పిల్లలకు ఆరేళ్లు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుంటే 225 మంది దొరికారు. వాళ్ల మనసు, ప్రవర్తన, నిద్ర, ఒత్తిడి, తల్లితో సంబంధం అన్నీ చూశారు. నేర్పిన గుంపుకూ నేర్పని గుంపుకూ తేడా లేదు. హాని లేదన్నది ఇందులో సగం మాట. మిగతా సగం చాలామంది చెప్పరు. శాశ్వతమైన మేలు కూడా లేదు. ఆరేళ్లకు అందరూ ఒకేలా నిద్రపోతున్నారు. నేర్పినందువల్ల ఒరిగింది ఆ ఒకటి రెండేళ్ల రాత్రులు, ముఖ్యంగా తల్లికి. బిడ్డకు రెండేళ్లు వచ్చేసరికి నేర్పని గుంపులో నూటికి 26 మంది తల్లుల్లో కుంగుబాటు లక్షణాలుంటే, నేర్పిన గుంపులో 15 మందిలోనే ఉన్నాయి.

ఈ అంకె దగ్గర నేను ఆగిపోయాను. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో చూసినప్పుడు నూటికి 22 మంది బాలింతలకు కుంగుబాటు ఉందని తేలింది. రాత్రి నిద్ర ఒక్కటే దానికి కారణం కాదు. కానీ కుంగిన తల్లి కళ్లకు పాప నవ్వు కూడా ఆలస్యంగా కనిపిస్తుంది. అది బిడ్డకు తగలకుండా ఉండదు.

ముడి పడేది పగటి పూట

“ఏడిస్తే ఎవరూ రారని బిడ్డ నేర్చుకుంటది, నమ్మకం పోతది” అన్నది అత్తమ్మ వాదన. ఆమె చదువుకోలేదు గానీ, ఆ మాట అనుబంధ సిద్ధాంతం నడిబొడ్డున ఉంది. ఆ అనుబంధాన్ని కొలిచే పద్ధతి తయారుచేసిన మేరీ ఐన్స్‌వర్త్ తన తొలి పరిశీలనలు చేసింది కూడా వేరే గదులున్న ఇళ్లలో కాదు. 1954, 55లలో ఉగాండా పల్లెల్లో, తల్లి వీపు మీద, ఒడిలో పెరిగే బిడ్డల్ని చూసింది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో 26 కుటుంబాల ఇళ్లకు ఏడాదిపాటు మూడు వారాలకోసారి వెళ్లి, వెళ్లినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు కూర్చుని రాసుకుంది.

ఆమె పరీక్ష ఇరవై నిమిషాలది. ఏడాది వయసు బిడ్డను తల్లితో ఒక కొత్త గదిలో ఉంచుతారు. ఒక కొత్త మనిషి వస్తుంది. తల్లి కాసేపు బయటికి వెళ్లి తిరిగి వస్తుంది. వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది అసలు సంగతి కాదు. వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే చూస్తారు. తల్లిని చేరి, ఊరట పొంది, మళ్లీ ఆటలో పడితే ముడి గట్టిగా ఉన్నట్టు.

ఆ 26 కుటుంబాల నోట్సు నుంచే 1972లో ఐన్స్‌వర్త్, సిల్వియా బెల్ ఒక మాట చెప్పారు. మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారని. ఎత్తుకుంటే చేతులు మరుగుతాయనే మాటకు అది చెంపపెట్టు. కానీ 1991లో నెదర్లాండ్స్‌లో 50 మంది బిడ్డలతో అదే లెక్క మళ్లీ చేస్తే అలా రాలేదు. మొదటి వారాల్లో చిన్న చిన్న గునుపులకు కొంచెం ఆలస్యంగా పలికిన ఇళ్లలో తర్వాత ఏడుపులు తగ్గాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. గునుపుకూ గుక్కపట్టిన ఏడుపుకూ తేడా తెలిసిన తల్లి, ఒక్క నిమిషం ఆగి విన్నంత మాత్రాన బిడ్డ నమ్మకం పోగొట్టుకోదు. అడగందే అమ్మైనా పెట్టదంటాం. బిడ్డ అడుగుతోందా, నిద్రలో గొణుగుతోందా అన్నది వినడానికైనా ఆ నిమిషం కావాలి.

మరి పలికేది అమ్మే కావాలా? మిన్నెసోటాలో మెగన్ గన్నార్ 1992లో తొమ్మిది నెలల బిడ్డలతో దీన్నే పరీక్షించింది. తల్లి అరగంట బయటికి వెళ్తుంది. కొందరు బిడ్డల దగ్గర ఆడిస్తూ పలకరించే ఆయా ఉంటుంది. ఇంకొందరి దగ్గర తన పనిలో తానుండి, ఏడిస్తేనే పట్టించుకునే ఆయా. పలకరించే ఆయా దగ్గరున్న బిడ్డల ఒత్తిడి తక్కువగా ఉంది. అంటే ఒత్తిడిని పెంచేది అమ్మ లేకపోవడం ఒక్కటే కాదు, ఉన్న మనిషి పట్టించుకోకపోవడం కూడా. నాయనమ్మలూ పక్కింటి ఖాలాలూ ఉన్న పాతబస్తీ ఇంటికి ఇది మంచి కబురు.

అదే నాణేనికి రెండో వైపు 2010లో డగ్లస్ టెటీ పెన్సిల్వేనియాలో చూపించాడు. 45 ఇళ్లలో రాత్రి కెమెరాలు పెట్టి, పడుకోబెట్టే వేళ తల్లులు ఏం చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో విడివిడిగా చూశాడు. ఎంతసేపు తాకారు, ఎంతసేపు పక్కనున్నారు అన్నది బిడ్డ నిద్రను అంతగా తేల్చలేదు. బిడ్డ సైగను పట్టుకుని, విసుగు లేకుండా మెత్తగా పలికారా అన్నదే తేల్చింది. అది చదివినప్పుడు నా కాలు గుర్తొచ్చింది. రాత్రి రెండింటికి కళ్లు కూడా తెరవకుండా తాడు లాగే ఆ కాలు గదిలోనే ఉంది. నేను మాత్రం లేను.

షాబాదు బండల లెక్క

పాప ఎందుకు లేస్తోంది? పసివాళ్ల నిద్ర దాదాపు గంటకో చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టు చివర ప్రతి బిడ్డా కొంచెం మేలుకుంటుంది. కళ్లు మూసినప్పుడు ఉన్న పరిస్థితే ఉంటే మళ్లీ జారుకుంటుంది. ఊగుతూ నిద్రపోయి, ఊగని ఉయ్యాలలో మేలుకున్న బిడ్డకు ఏదో పోయినట్టుంటుంది. పిలుస్తుంది. కాబట్టి మార్చాల్సింది మేలుకోవడాన్ని కాదు, కళ్లు మూసే క్షణాన్ని.

మెల్‌బోర్న్ నర్సులు నేర్పిన పద్ధతుల్లో ఒకటి మా ఇంటికి సరిపోయేది. గది విడిచి వెళ్లేదే లేదు. మొదట బిడ్డ పక్కనే కూర్చుని తడుతూ నిద్రపుచ్చాలి. దానికి అలవాటుపడ్డాక తట్టడం మానేసి ఊరికే కూర్చోవాలి. తర్వాత కుర్చీని రోజుకింత జరుపుకుంటూ ఒకటి నుంచి మూడు వారాల్లో తలుపు దాకా వెళ్లాలి. రాత్రి మధ్యలో లేచినా ఆ రోజు కుర్చీ ఎక్కడుందో అక్కడే కూర్చుని అదే పని చేయాలి.

మొదట పాపను పిల్లల డాక్టరుకు చూపించాం. చెవి పోటు, జ్వరం, గురక, బరువు పెరగకపోవడం ఉంటే అది నిద్ర నేర్పే సమస్య కాదు, వైద్యం చేయాల్సిన సమస్య. రక్తహీనత కూడా చూడమన్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి అది ఉంది. ఇనుము తక్కువైన పిల్లలు రాత్రి నిలకడగా పడుకోకపోవచ్చు. ఇంకో సంగతి, ఆరు నెలల లోపు బిడ్డకు ఈ పద్ధతులేవీ నేర్పకూడదు. ఆ వయసులో రాత్రి ఆకలి నిజం, నేర్పినా ఫలితం లేదని 2013లో ఒక సమీక్ష తేల్చింది. తొమ్మిది నెలల మా పాపకు రాత్రి ఒకసారి పాలు ఉంచాం. మిగతా పిలుపులకే ఈ లెక్క.

మా ఇంట్లో కుర్చీ వేసే చోటు లేదు. నేల మాత్రం షాబాదు బండలు, ఒక్కోటి రెండడుగులు. పాపకు గోడవారగా పలుచటి గట్టి పరుపు వేశాం. దిండు లేదు, మెత్తటి దుప్పట్లు లేవు. నేను పక్క బండ మీద చాప వేసుకున్నాను. పడుకునే వేళ కూడా మార్చలేదు. పాపకు నిజంగా కళ్లు వాలేది తొమ్మిదిన్నరకు. ఏడున్నరకే పడుకోబెడితే రెండు గంటలు కుస్తీ తప్ప నిద్ర రాదు. మధ్యాహ్నం కునుకు మాత్రం నాలుగింటికల్లా ముగించేలా చూశాం.

మొదటి రాత్రి నా చెయ్యి పాప ఛాతీ మీదే ఉంది. అయినా ముప్పై ఎనిమిది నిమిషాలు ఏడ్చింది. కోపం ఏడుపు. నన్ను చూస్తూనే ఉయ్యాల వైపు చేయి చాపింది. రెండో రాత్రి ఇరవై ఆరు నిమిషాలు, మూడో రాత్రి పదకొండు. గెలిచామనుకున్నాను.

నాలుగో రాత్రి వీధిలో పెళ్లి. మర్ఫా వాయిద్యాలు పన్నెండున్నర దాకా ఆగలేదు. పాప అదిరిపడి లేచి, నలభై నిమిషాలైనా ఊరుకోలేదు. అత్తమ్మ లేచింది. “ఊయల ఉండంగ పిల్లను గిట్ల నేల మీద ఏడిపిస్తరా?” అంటూ ఎత్తుకుని ఉయ్యాలలో వేసింది. రెండు ఊపులకే నిద్రపోయింది.

ఐదో రాత్రి వీధి నిశ్శబ్దంగా ఉంది. పాప మాత్రం యాభై ఐదు నిమిషాలు ఏడ్చింది. ఇది పుస్తకాల్లో ఉన్నదే. తగ్గిన ఏడుపు కొన్ని రాత్రులకు ఒకసారి ఎగసిపడవచ్చు. ఆ ఎగసిపాటు దగ్గర పాత అలవాటు తిరిగి ఇస్తే, నలభై నిమిషాలు ఏడిస్తే ఉయ్యాల వస్తుందని బిడ్డ నేర్చుకుంటుంది. ఇస్తే మొదటి నిమిషంలోనే ఇవ్వాలి, లేదంటే ఇవ్వకూడదు. మధ్యలో లొంగిపోవడమే అన్నిటికన్నా చెరుపు. తప్పు అత్తమ్మది కాదు. ఏం చేయబోతున్నామో ఆమెకు ముందే చెప్పలేదు, అది మా తప్పు.

మర్నాడు ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. “అత్తమ్మా, తలుపు పెట్టి పోతలేము. పక్కన్నే ఉంటం. మీరు గూడ రెండు రాత్రులు పండుకోబెట్టుర్రి, కానీ ఊపొద్దు.” గోడ అవతలి ఖాలాకూ చెప్పాం, వారం రోజులు ఏడుపు వినిపిస్తుందని. అత్తమ్మ ఒప్పుకోలేదు, ఒప్పుకోననీ అనలేదు. ఆ రాత్రి నా చాప జరిపి తనే కూర్చుంది. జోలపాట మానలేదు, తట్టింది, ఊపలేదు. ఇరవై నిమిషాలు పట్టింది.

పదో రాత్రికి తట్టడం ఆపాం. మూడు రాత్రులకో బండ చొప్పున జరిగాం. రెండో బండ దగ్గర ఒక రాత్రి మళ్లీ ముప్పై నిమిషాలు ఏడ్చింది. చూస్తే కొత్త పన్ను చిగురు చీల్చుకుంటోంది. ఆ రాత్రి, మర్నాటి రాత్రి లెక్క పక్కనపెట్టి ఎత్తుకున్నాను. నొప్పితో ఉన్న బిడ్డకు నేర్పడానికేమీ ఉండదు. తగ్గాక మళ్లీ రెండో బండ నుంచే మొదలుపెట్టాం. నాలుగో వారానికి నేను ఎదుటి గోడ దగ్గరికి, మూడో బండకు చేరాను. అక్కడితో ఆపేశాను. తలుపు దాటాల్సిన అవసరం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

కళ్లు తెరిచి చూసింది

ఇప్పుడు పాప లేవడం లేదా అంటే, లేస్తోంది. కెనడాలో 235 కుటుంబాల బిడ్డలకు కదలికలు పసిగట్టే గడియారాలు కట్టి 2015లో చూశారు. పద్ధతి నేర్పిన ఇళ్లలో తల్లిదండ్రులు రాత్రి మెలకువలు తగ్గాయన్నారు. గడియారం మాత్రం రెండు గుంపుల బిడ్డలూ దాదాపు అన్నేసిసార్లు మేలుకుంటున్నారని చెప్పింది. తగ్గింది పిలుపే. మొన్న నేను నిద్రపట్టక పడుకుని ఉండగా జీరో బల్బు వెలుగులో చూశాను. పాప కళ్లు తెరిచింది. తల తిప్పి మూడో బండ మీదున్న నన్ను చూసింది. బొటనవేలు నోట్లో పెట్టుకుని అటు తిరిగి పడుకుంది.

డల్లాస్ బిడ్డ బాగానే ఉంది. పొద్దున వాళ్లమ్మ తలుపు తీయగానే చేతులు చాపుతుందని వీడియో పంపింది మా ఆడిబిడ్డ. నేను చదివిన పరిశోధనలు ఆమెను దోషిగా నిలబెట్టవు, అత్తమ్మనూ నిలబెట్టవు. ఆరు నెలలు దాటిన, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు, పగలంతా పలికే మనుషులుంటే, కొన్ని రాత్రుల ఏడుపు ముడిని తెంపినట్టు రుజువు లేదు. అలా అని ఏడ్వనివ్వడమే ఏకైక దారి అనీ లేదు. గదిలోనే ఉండి నేర్పినా నిద్ర వస్తుంది. కాకపోతే నాలుగు రాత్రుల పని నాలుగు వారాలు పడుతుంది.

పోయిన ఆదివారం ఉయ్యాల విప్పేద్దామని స్టూలెక్కాను. పాప కూర్చోవడం, పట్టుకుని లేవడం నేర్చింది. ఆ వయసు బిడ్డను చీర ఉయ్యాలలో ఒంటరిగా వదిలితే మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. అత్తమ్మ కింద నిలబడి చూసింది.

“పగటి పూట నేను పక్కన కూసుండి ఊపుత. ఊయల ఉండనీ బిడ్డా,” అంది. కాసేపాగి మళ్లీ అంది. “తాడు తీసెయ్.”